దించాకే బెల్లం

మా నాన్నగారు రైల్వేలో పనిచేస్తారు. రెండేళ్ల క్రితం ఆయనకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. తాతయ్య పోయాక అనకాపల్లి దగ్గర మా ఊళ్లో నానమ్మ ఒక్కతే ఉండలేదని, ఇల్లు తాళం వేసి ఆమెను కూడా మాతోనే తెచ్చుకున్నాం. నానమ్మ తన సామానులో ఒక బెల్లం దిమ్మ తెచ్చుకుంది. దాన్ని డబ్బాలో పెట్టి, సంక్రాంతికి పరమాన్నం ఈ బెల్లంతోనే చేయాలని చెప్పింది.

సంక్రాంతి రోజు అమ్మకు జ్వరం వచ్చింది. నానమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. అందుకని పరమాన్నం నేను చేస్తానన్నాను. నానమ్మ ముందు గదిలో కుర్చీలో కూర్చుని చెబుతూ ఉంటే నేను వంటగదిలో చేస్తున్నాను. లీటరు పాలు కాచి, కడిగిన బియ్యం చిన్న గ్లాసుడు వేసి, సన్నని మంట మీద కలుపుతూ ఉడికించాను. అన్నం మెత్తబడింది. "ఉడికిందే నానమ్మా!" అని అరిచాను. "అయితే దించి బెల్లం వెయ్యి" అంది.

గ్యాస్ పొయ్యి మీద దించేదేముంది? మంట తగ్గించమంటోంది అనుకున్నాను. సిమ్‌లో పెట్టి, దిమ్మలో సగం దంచి, ఆ పొడి మొత్తం ఒక్కసారి గిన్నెలో వేశాను. అర నిమిషం రంగు బాగానే ఉంది. తరువాత గరిటె వెనుక చిన్న చిన్న పలుకులు అంటుకున్నాయి. అంచుల దగ్గర గోధుమ రంగు నీళ్లు విడిపోయి తేలాయి. బాగా కలిపితే కలిసిపోతుందేమోనని ఇంకా తిప్పాను. పలుకులు పెద్దవయ్యాయి తప్ప నీళ్లు కలవలేదు. పాలు విరిగిపోయాయి. ఒకసారి విరిగిన పాలను మళ్లీ పాలుగా చేయడం కుదరదని అప్పుడు తెలిసింది.

నానమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి గిన్నెలోకి చూసింది. ఏమీ అనలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఊరి బెల్లం ఇంకా సగమే మిగిలింది.

అప్పుడే పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ ఆంటీ, మేమంతా కాకిమా అని పిలుస్తాం, పిండివంటలు ఇవ్వడానికి వచ్చింది. వాళ్లు కూడా సంక్రాంతికి పాయెష్ చేస్తారు. చలికాలంలో దొరికే ఖర్జూర చెట్టు రసంతో చేసిన బెల్లం అందులో వేస్తారు. ఆమె గిన్నె చూసి, బెల్లం వేసినప్పుడు పొయ్యి వెలుగుతోందా అని హిందీలో అడిగింది. అవునన్నాను. ముందు పొయ్యి ఆర్పి, పాలు కొంచెం చల్లారాక బెల్లం వేయాలని చెప్పింది. ఆ మాట నానమ్మకు తెలుగులో చెబితే, "నేను చెప్పిందీ అదే కదే! దించి వెయ్యమన్నాను" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. మా ఊళ్లో కట్టెల పొయ్యి. నిప్పులను ఒక్కసారిగా ఆర్పలేం కాబట్టి గిన్నెనే కిందికి దించేవాళ్లు. దించిన గిన్నె చల్లబడుతూ ఉండగా బెల్లం కలిపేవాళ్లు. గ్యాస్ పొయ్యి వచ్చాక మాట మిగిలింది కానీ దించడం పోయింది.

మధ్యాహ్నం మళ్లీ లీటరు పాలు తెప్పించాం. ఈసారి తొందరపడలేదు. నానమ్మ మిగిలిన బెల్లాన్ని వాసన చూసింది. వానాకాలంలో చెమ్మ తగిలి డబ్బాలో కాస్త జిగురుగా అయింది, కొద్దిగా పుల్లని వాసన వస్తోంది. అలాంటి పాత బెల్లం పాలను త్వరగా విరగ్గొడుతుందని చెప్పింది. ముందు కొద్దిగా వేసి చూద్దామని చిన్న పరీక్ష చేశాం. పొంగుతున్న పాలు ఒక గరిటెడు తీసి అందులో చిటికెడు బెల్లం వేస్తే వెంటనే విరిగింది. ఇంకో గరిటెడు పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి అంతే బెల్లం వేస్తే విరగలేదు. అంటే ఇదే బెల్లం వాడవచ్చు, కానీ వేడి తగ్గాలి.

అన్నం పూర్తిగా మెత్తబడేదాకా పాలలోనే ఉడికించాను. బెల్లం పడ్డాక బియ్యం ఇక మెత్తబడదని, పలుకు ఉంటే అలాగే ఉండిపోతుందని నానమ్మ ముందే హెచ్చరించింది. తరువాత పొయ్యి ఆర్పి, గిన్నెను నిజంగానే దించి కింద పెట్టాను. ఈలోపు బెల్లంలో పావు గ్లాసు నీళ్లు పోసి వేడిచేశాను. పాకం రానివ్వలేదు, కరిగితే చాలు. వడకడితే అడుగున ఇసుక, చెరుకు పిప్పి కనిపించాయి. ఆ నీళ్లను కూడా చల్లారనిచ్చాను. పావుగంట తరువాత గిన్నె అంచుమీద చేయి పెట్టి ఉంచగలిగాను. అప్పుడు బెల్లం నీళ్లు ఒక్కో గరిటె పోస్తూ, కలుపుతూ వచ్చాను. ప్రతిసారీ గరిటె వెనుక చూశాను. పలుకులు లేవు. చివర్లో నేతిలో వేయించిన జీడిపప్పు, యాలకుల పొడి వేసి మూతపెట్టాను. మళ్లీ పొయ్యి మీద పెట్టలేదు. రాత్రి మిగిలినది వెచ్చబెట్టడానికి కూడా గిన్నెను వేడినీళ్లలో ఉంచామంతే.

సెలవులయ్యాక కెమిస్ట్రీ మేడమ్‌కి ఇదంతా చెప్పాను. ఆమె ల్యాబ్‌లో బెల్లం నీళ్లలో పీహెచ్ కాగితం ముంచమన్నారు. రంగు 5కీ 6కీ మధ్య చూపించింది. పాలది సుమారు 6.6 ఉంటుంది. అంటే బెల్లంలో కొద్దిగా ఆమ్లం ఉంది. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ చిన్న చిన్న ముద్దలుగా తేలుతూ ఉంటుందట. ఆ ముద్దల మీద రుణావేశం ఉండడం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఆమ్లం చేరితే ఆ ఆవేశం తగ్గి దగ్గరవుతాయి. చల్లని పాలు విరగాలంటే పీహెచ్ 4.6 దాకా దిగాలి, బెల్లానికి అంత పులుపు లేదు. కానీ పాలు మరుగుతున్నప్పుడు కొంచెం ఆమ్లమే చాలు. పులుపు, వేడి రెండూ కలిస్తేనే మన పరమాన్నం చెడుతుంది. బెల్లం పులుపును మనం తీసేయలేం కాబట్టి వేడి తగ్గిస్తున్నాం. చిటికెడు వంటసోడా వేస్తే ఆ పులుపు కూడా తగ్గుతుందని, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుందని మేడమ్ అన్నారు. ఈ మాట ఇంట్లో చెబితే నానమ్మ, "పరమాన్నంలో సోడా ఏంటే!" అని కొట్టిపారేసింది.

అయితే పాలే నిలవవైతే, లేక బెల్లం మరీ పులిసిపోతే, గోరువెచ్చగా ఉన్నప్పుడు వేసినా విరగవచ్చు. అందుకే గరిటెడు పాలతో చూసుకోవడం మానకూడదు.

ఆ సాయంత్రం నైవేద్యం పెట్టాక నానమ్మ మొదటి చెంచా నోట్లో వేసుకుని కాసేపు కళ్లు మూసుకుంది. తరువాత గిన్నె ముందుకు చాపి, "ఇంకాస్త వెయ్యి" అంది. కాకిమాకి ఒక గిన్నెడు పంపితే, ఆ గిన్నెలోనే ఖర్జూర బెల్లం ముక్క పెట్టి తిరిగి ఇచ్చింది. ఊరి బెల్లం అయిపోయిన డబ్బాలో నానమ్మ ఇప్పుడు దాన్ని దాచింది. ఈసారి చెమ్మ తగలకుండా మూత గట్టిగా బిగించింది.

— పదవ తరగతి విద్యార్థిని