ఓడిన ఆటని మర్నాడు పొద్దున తెరిచి చూడండి



మన గ్రూపులో ఫోన్లో చెస్ ఆడేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. దాంతోపాటు రాత్రి పదకొండు దాటాక "అన్నా, మళ్ళీ రేటింగ్ పోయింది, యాప్ తీసేస్తున్నా" అనే మెసేజులు కూడా పెరిగాయి. మూడు రోజులకి అదే తమ్ముడు యాప్ మళ్ళీ ఎక్కించుకుంటాడు. ఓడిపోయినప్పుడు వచ్చే కోపం గురించి, ఆ కోపాన్ని ఏం చేయాలన్న దాని గురించి మా హాస్టల్లో రెండేళ్ళుగా చేస్తున్నది కొంత రాస్తాను. నాకు తెలిసింది చెస్సే కాబట్టి చెస్ గురించే రాస్తున్నా.

ఈ కోపానికి ఆటగాళ్ళు పెట్టుకున్న పేరు టిల్ట్. పాత పిన్‌బాల్ మెషీన్ల నుంచి వచ్చిన మాట అది. బంతి పడిపోతోందని మెషీన్ని పట్టుకుని ఊపేస్తే దాని మీద TILT అని వెలిగి ఆట ఆగిపోయేది. ఫోన్‌కి అలాంటి ఏర్పాటు లేదు. ఎంత కోపంలో ఉన్నా Rematch బటన్ అక్కడే ఉంటుంది, బొటనవేలి కిందే.

మా హాస్టల్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడి ఆటల గురించి చెప్తాను. పేరు రాయను, రాయమని అతనే అన్నాడు కానీ వద్దులే. లిచెస్‌లో 3+0 ఆడతాడు, అంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఒక రాత్రి వరసగా తొమ్మిది ఆటలు ఓడాడు. పొద్దున టిఫిన్ దగ్గర నా పక్కన కూర్చుని "నాకు ఓపెనింగులు రావన్నా, ఎవరిదైనా కోర్స్ చెప్పు" అన్నాడు. కోర్స్ సంగతి తర్వాత, ముందు ఆ తొమ్మిది ఆటలు తెరువు అన్నాను.

ముందు ఆటల లోపలికి పోలేదు. జాబితా మాత్రమే చూశాం, ఏ ఆట ఎన్ని ఎత్తులు సాగింది, ఎంతసేపు జరిగింది అని. మొదటి ఆట యాభై ఎత్తుల పైనే. ఏనుగు ఎక్కువ ఉండి కూడా టైం అయిపోయి ఓడాడు. ఒళ్ళు మండిన ఆట అదే. ఆ తర్వాత ఒక్కో ఆటా చిన్నదైపోతూ వచ్చింది: ముప్పై ఎత్తులు, ఇరవై రెండు, పదిహేను. ఏడో ఆట ఏడు ఎత్తుల్లోనే ముగిసింది. ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య మంచినీళ్ళు తాగేంత గ్యాప్ కూడా లేదు. ఓపెనింగులు రాకపోతే మొదటి ఆట కూడా పదిహేను ఎత్తుల్లోనే అయిపోవాలి కదా? జాబితా చూస్తేనే సగం సంగతి తెలిసిపోయింది.

ఆ ఏడో ఆట ఇది. తెల్ల పావులు మన తమ్ముడివి.

```
1. e4 e5
2. Nf3 Nc6
3. Bc4 Nd4
4. Nxe5 Qg5
5. Nxf7 Qxg2
6. Rf1 Qxe4+
7. Be2 Nf3#
```

బోర్డు ఉన్నవాళ్ళు పేర్చుకుని చూడండి, రెండు నిమిషాల పని. మూడో ఎత్తులో నల్ల గుర్రం d4కి దూకింది. అది కదిలేసరికి e5 బంటుకి కాపలా పోయింది. తేరగా దొరికిందని మనవాడు తినేశాడు. వెంటనే నల్ల మంత్రి g5కి వచ్చింది. అక్కడ నుంచి అది ఒకేసారి రెండింటి మీద కన్నేసింది, e5లో ఉన్న గుర్రం మీద, g2 బంటు మీద. మనవాడికి మాత్రం ఇంకో ఆశ కనిపించింది. f7 బంటుని తింటే గుర్రం మంత్రినీ ఏనుగునీ ఒకేసారి బెదిరిస్తుంది కదా అని. తిన్నాడు. అవతలివాడు g2 తిన్నాడు, ఏనుగు జరిగింది, e4 తిని చెక్ చెప్పాడు. ఒంటెని అడ్డం పెట్టాక గుర్రం f3కి వచ్చి ఆట ముగించింది. రాజు చుట్టూ ఉన్న గళ్ళన్నీ సొంత పావులతోనే నిండిపోయాయి. అడ్డం పెట్టిన ఒంటె జరిగితే మంత్రి దాడి నేరుగా రాజు మీద పడుతుంది కాబట్టి అది గుర్రాన్ని తినలేదు. దీనికి బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్ అని పేరు. చాలా పాత ఉచ్చు.

"చూశావా, ఈ ఉచ్చు నాకు తెలియదు, అందుకే ఓడాను" అన్నాడు తమ్ముడు. నాకు ఆ మాట నచ్చలేదు. లిచెస్‌లో ఒక్కో ఎత్తుకి ఎంత టైం పట్టిందో చూపించే గ్రాఫ్ ఉంటుంది. అది తెరిచాం. నాలుగో ఎత్తుకి అతను తీసుకున్నది ఒక్క సెకను. ఐదో ఎత్తుకి రెండు సెకన్లు. చేతిలో ఇంకా రెండున్నర నిమిషాలకు పైగా ఉంది. మామూలు రోజున ఇదే తమ్ముడు, ఎదుటివాడు బంటుని ఊరికే వదిలేస్తే "ఎందుకు వదిలాడబ్బా" అని పది సెకన్లు ఆగుతాడు. ఉచ్చు పేరు తెలియక్కర్లేదు. నాలుగో ఎత్తులో గుర్రంతో ఆ d4 గుర్రాన్నే తినేస్తే సరిపోయేది. అవతలివాడు బంటుతో తిరిగి తింటాడు, తెల్లవాళ్ళ ఆటే కొంచెం మెరుగు. ఆ ఆట పోయింది ఏడో ఎత్తులో కాదు, ఐదులో కూడా కాదు, నాలుగో ఎత్తు మీద పెట్టని ఆ పది సెకన్లలో.

రీప్లే చూడటంలో అసలు పని ఇదే. చాలామంది చివరి చెక్‌మేట్‌నే నాలుగుసార్లు వెనక్కి ముందుకి తిప్పి చూసి, మళ్ళీ కోపం తెచ్చుకుని ఆపేస్తారు. ఫ్రీ ఫైర్ ఆడే తమ్ముళ్ళు కూడా అంతే, స్క్రీన్ రికార్డింగులో చనిపోయిన చివరి ఐదు సెకన్లే చూస్తారు. ఆ ఇంట్లోకి ఎందుకు దూరాడో చూడరు.

ఇక పద్ధతి. ఓడిన రాత్రి రీప్లే తెరవం. తెరిస్తే కళ్ళు ఎత్తుల మీద ఉంటాయి కానీ మనసు అవతలివాడి మీద ఉంటుంది. ఆట ఎక్కడికీ పోదు, అకౌంట్లోనే ఉంటుంది. పొద్దున స్టడీ అవర్‌కి ముందు ఒక్క ఆట, పదిహేను నిమిషాలు. ముందు కంప్యూటర్ విశ్లేషణ పెట్టకుండా సొంతంగా ఎత్తు తర్వాత ఎత్తు జరుపుకుంటూ పోవాలి. "ఇక్కడ దాకా నాకు బానే ఉంది" అనిపించిన చివరి చోటు దగ్గర ఆగి, అప్పుడు ఏం అనుకున్నానో నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయాలి. మన తమ్ముడు రాసింది: "ఫ్రీ బంటు అనుకున్నా, వాడు ఎందుకిచ్చాడో అడగలేదు." ఆ తర్వాతే కంప్యూటర్. మొదటే కంప్యూటర్ పెడితే మన ఆలోచన ఏంటో మనకే గుర్తుండదు, అది చెప్పిందంతా ముందే తెలిసినట్టు అనిపిస్తుంది.

కంప్యూటర్ తప్పుల్ని మూడు రకాలుగా చూపిస్తుంది: Inaccuracy, Mistake, Blunder. మన స్థాయిలో మొదటి రకాన్ని వదిలేయండి. అర బంటు తేడా గురించి బుర్ర పాడుచేసుకుని లాభం లేదు, అది ఎందుకు తేడానో కూడా మనకి అర్థం కాదు. గ్రాఫ్ మొదటిసారి దభాలున పడిన చోటు ఒక్కటి చూస్తే చాలు. ఆ ఎత్తు పక్కన మూడింట్లో ఒక మాట రాస్తాం: "చూడలేదు", "తెలియదు", "టైం".

రెండు వారాల్లో తమ్ముడి నోట్‌బుక్‌లో ఇరవై ఓటములు చేరాయి. లెక్క వేస్తే పదమూడు "చూడలేదు", ఐదు "టైం", రెండు మాత్రమే "తెలియదు". అతను కొనాలనుకున్న కోర్స్ ఆ రెండింటికే పనికొస్తుంది. మిగతా పద్దెనిమిదికి ఏం చేయాలో వేరే చెప్పక్కర్లేదు కదా. 3+0 ఆపి 15+10 ఆడటం మొదలుపెట్టాడు, అంటే పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకీ పది సెకన్లు అదనం. రోజుకి పది నిమిషాలు పజిల్స్, అవి కూడా ఒక పావుతో రెండింటిని బెదిరించే ఫోర్క్ పజిల్సే. వరసగా రెండు ఓడితే ఆ రోజుకి ఫోన్ లోపల పెట్టేయడం. రెండే ఎందుకంటే అతని జాబితాలో ఆటలు చిన్నవవడం మొదలైంది మూడో ఆట నుంచి. మీ జాబితాలో అది నాలుగో ఆట కావచ్చు, చూసుకుని పెట్టుకోండి.

రేటింగ్ ఎదురుగా కనబడుతుంటే మనసు ఊరుకోదు అనేవాళ్ళకి లిచెస్ సెట్టింగ్స్‌లోనే Show player ratings అని ఉంటుంది, అది ఆపేయొచ్చు. ఆట ఆడుతూనే ఉండొచ్చు, అంకె కనబడదు. మా తమ్ముడు నెల రోజులు అలాగే ఆడాడు. అయినా మధ్యలో రెండుసార్లు దొంగతనంగా ఆన్ చేసి చూసుకున్నాడంట, సరే.

అన్ని ఓటములనీ ఇలా తవ్వక్కర్లేదు. మన ఊళ్ళల్లో వాన పడితే టవర్ పోతుంది, గడియారం మాత్రం ఆగదు. అలా పోయిన ఆట నోట్‌బుక్‌లోకి రాదు. మనకంటే మూడొందల పాయింట్లు పైనున్నవాడు నిదానంగా నొక్కేసి గెలిచిన ఆటలో కూడా ఒక్కోసారి గ్రాఫ్ ఎక్కడా దభాలున పడదు, మెల్లగా జారుతుంది. దాన్ని "తెలియదు"లో వేసి ముందుకు పోవడమే. గెలిచిన ఆటల్లోంచి మాత్రం వారానికి ఒకటి చూడండి. ఎదుటివాడు చూడకపోవడం వల్ల మనకి చెల్లిపోయిన ఎత్తులు అక్కడే దొరుకుతాయి.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టోర్నీలో మన కోనేరు హంపి మొదటి రౌండే ఓడిపోయింది. పదకొండు రౌండ్లయ్యేసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో టైటిల్ గెలిచింది. ఆవిడ స్థాయి వేరు, మనది వేరు, కానీ మొదటి ఓటమి తర్వాత రెండో రౌండు ఆటని దాని లెక్కలో దాన్ని ఆడటం అనేది అక్కడా ఇక్కడా ఒకటే పని.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు సిగ్నల్ లేదని ఈ అలవాటు ఆపకండి. చెక్క బోర్డు మీద అన్నతోనో బావతోనో ఆడినా ఎత్తులు కాగితం మీద రాసుకోండి, పెద్ద టోర్నమెంట్లలో ఎలాగూ రాయాల్సిందే. అన్నిటికంటే మేలు, ఆట అయ్యాక ఎదుటివాడినే కూర్చోబెట్టి "నువ్వు ఇక్కడ ఏం అనుకున్నావు" అని అడగడం. కంప్యూటర్ ఆ ఒక్కటీ చెప్పలేదు. మొన్న సంక్రాంతికి మా తమ్ముడు వాళ్ళ బావ చేతిలో మూడు ఓడి, మూడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. రెండింటి మీద "చూడలేదు" అని ఉంది. మూడోదాని మీద "బావ మంచిగా ఆడాడు" అని ఉంది. అది నాలుగో రకం, మా లెక్కలో లేదు, చేర్చుకున్నాం.