పెళ్లి పత్రికలో విడాకుల మాట

“నువ్వు లిటరరీ క్లబ్‌లో ఉన్నావుగా, ఇది కాస్త రాసిపెట్టమ్మా” అని మా హెచ్‌ఓడీ సార్ ఒక పాత ఫైలు నా చేతిలో పెట్టారు. కథో కవితో అనుకునేరు! మా కాలేజీకీ, ఊళ్లోని ఒక ఆసుపత్రికీ మధ్య ఎంఓయూ. అంటే అవగాహన ఒప్పందం. ఆసుపత్రి వాళ్లు ఈసీజీ రికార్డింగులు ఇస్తారు, మా ఈసీఈ ఫైనలియర్ వాళ్లు గుండె లయలో తేడాలు పట్టే ప్రోగ్రామ్ తయారుచేస్తారు. ఆ ఫైనలియర్ బ్యాచ్ మాదే. కాబట్టి నేను రాసే కాగితం మీదే నా ప్రాజెక్టు నిలబడాలి.

ఫైల్లో ఉన్నది అంతకుముందు ఒక కంపెనీతో చేసుకున్న ఎంఓయూ. ఒకటిన్నర పేజీ. “ఇరుపక్షాలూ పరస్పరం సహకరించుకొనుటకు కృషి చేయవలెను” టైపు మాటలు. పేర్లు మార్చి ఇచ్చేద్దామనుకున్నా. ఆ రాత్రి హాస్టల్లో మా సీనియర్ అక్కకి ఫోన్ చేసి ఆ మాటే చెప్తే, “ఆ కాగితం మాత్రం ముట్టుకోకే తల్లీ” అంది.

అక్కా వాళ్ల బ్యాచ్ ఆ కంపెనీ మోటార్ల వైబ్రేషన్ రీడింగుల మీద ప్రాజెక్టు చేసింది. ఫిబ్రవరిలో అక్కడ వీళ్లని చూసుకునే ఆయన ఉద్యోగం మారారు. వారం తిరక్కుండా “ఇక ఆపేస్తున్నాం” అని మెయిలొచ్చింది. నడుస్తున్న ప్రాజెక్టుల గతేమిటో ఎంఓయూలో ఒక్క ముక్క లేదు. గోప్యత గురించి మాత్రం “పంచుకున్న సమస్త సమాచారం” అని ఉంది. దాంతో రిపోర్టులో గ్రాఫులు పెట్టడానికి లేదు, ఎక్స్‌టర్నల్‌కి చూపించడానికీ లేదు. నలుగురూ ల్యాబ్‌లోని పాత ఫ్యాన్ మోటార్‌కి సెన్సర్ తగిలించి, ఆరు వారాల్లో మళ్లీ మొదట్నుంచీ చేశారు.

అందుకే నేను చివరి షరతుతో మొదలుపెట్టా. తప్పుకోవాలంటే ఎలా తప్పుకోవాలి? డ్రాఫ్ట్ చూసి సార్ నవ్వారు. “పెళ్లి పత్రికలో ఎవరైనా విడాకుల మాట రాస్తారా?”

“సార్, పెళ్లి పత్రిక వేరు, కట్నకానుకల జాబితా వేరు కదా” అన్నా. ఆయన మారు మాట్లాడలేదు.

నేను రాసింది ఇదీ. ఎవరైనా 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ అప్పటికే రిజిస్టరైన ప్రాజెక్టులు ఆ విద్యా సంవత్సరం చివరి వైవా దాకా ఇవే షరతుల మీద నడుస్తాయి. కొత్త రికార్డింగులు ఇవ్వడం ఆపెయ్యొచ్చు గానీ, ఇచ్చినవి మధ్యలో వెనక్కి అడగకూడదు. వైవా అయిన 15 రోజుల్లో మేము అన్ని కాపీలూ చెరిపేసి, చెరిపామని సంతకం చేసి ఇవ్వాలి.

కాలపరిమితి దగ్గర ఇంకో చిక్కు కనిపించింది. పాత కాగితంలో “ఒక సంవత్సరం” అని ఉంది. సంతకాలు డిసెంబర్లో అయితే వచ్చే డిసెంబర్‌తో సరి. అంటే అప్పటి ఫైనలియర్ బ్యాచ్‌కి ప్రాజెక్టు సగంలో ఉండగానే గడువు తీరిపోతుంది. అందుకే మూడేళ్లు, అదీ మూడో విద్యా సంవత్సరం ముగిసే దాకా అని రాశా. పొడిగింపు దానంతటదే జరగదు, ఇద్దరూ మళ్లీ సంతకం పెట్టాలి.

ఉద్దేశం రాయడం తేలికే, తగ్గించి రాయడమే కష్టం. సార్ “ఆరోగ్య రంగంలో పరిశోధన” అందామన్నారు. అలా రాస్తే రేపు ఆ రికార్డింగులే ఇంకెవరో ఇంకో పనికి వాడుకోవచ్చు. కాబట్టి “ఈసీజీలో లయ తేడాలు గుర్తించే విద్యార్థి ప్రాజెక్టులు, రోగి చికిత్సకు ఈ ఫలితాలు వాడరాదు” అని రెండు ముక్కల్లో ఆపేశా.

బాధ్యతల్లో “సహకరించాలి” అన్న మాట కొట్టేసి చిన్న పట్టిక గీశా: ఎవరు, ఏమిటి, ఎప్పటికల్లా. ఆసుపత్రి తమ ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చాకే మొదటి ఫైలు ఇస్తుంది. ఎంఓయూ ఉందికదా అని ఆ అనుమతి అక్కర్లేకుండా పోదు. కాలేజీ వైపు బాధ్యుల దగ్గర మనిషి పేరు కాకుండా “ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ పదవిలో ఉన్నవారు” అని రాశా. అక్కా వాళ్లు మునిగింది ఒక మనిషి వెళ్లిపోయినందుకేగా!

గోప్యత దగ్గర మాత్రం నేను బోల్తాపడ్డా. అక్కా వాళ్ల గతి మాకు పట్టకూడదని విద్యార్థుల వైపే చూసుకుని రాశా. రిపోర్టూ వైవా మామూలే. బయట పేపర్ వెయ్యాలంటే ముందు ఆసుపత్రికి పంపాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. ఇక ఏది రహస్యం కాదో కూడా రాశా: అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నది, మాకు ముందే తెలిసినది, మేం సొంతంగా చేసుకున్నది, చట్టం అడిగినది. మేమంతా మొదట ప్రాక్టీసు చేసేది ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్ మీద. 1980 నుంచి అందరి చేతుల్లో ఉన్న 48 అరగంట రికార్డింగులవి. “సమస్త ఈసీజీ డేటా” అని రాస్తే దాని మీద రాసుకున్న కోడ్ కూడా ఇరుక్కుంటుంది.

డ్రాఫ్ట్ ఆసుపత్రికెళ్లాక అక్కడి అడ్మినిస్ట్రేటర్ మేడమ్ పిలిచారు. “పేర్లు తీసేసి ఇస్తామని రాశావు. బాగుంది. మరి తేదీ, వయసు?”

“అవి ఉంటే ఏమవుతుంది మేడమ్?”

“ఫలానా రోజు, 91 ఏళ్ల పెద్దాయన, ఐసీయూ. మన ఊళ్లో ఈ మూడు ముక్కలు చాలమ్మా, పేరెందుకు?”

నాకు నోట మాట రాలేదు. మా గ్రాఫుల గురించి అన్ని షరతులు రాసుకున్నా, ఆ గీత ఎవరి గుండెదో ఆలోచించలేదు. మేడమ్ చెప్పగా మార్చినవి: తేదీలు తీసేసి, వయసుని పదేళ్ల గుంపుల్లో ఇస్తారు. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా ఆసుపత్రి గడప దాటదు. మిగతా రహస్యాలకు ఒప్పందం ముగిశాక రెండేళ్లు గడువు, రోగుల వివరాలకు మాత్రం గడువే లేదు. సంతకాలు చేసేది సంస్థలు కాబట్టి, డేటా ముట్టుకునే ప్రతి విద్యార్థీ విడిగా హామీపత్రం ఇవ్వాలి.

చివరికి న్యాయ సలహాదారు ఒక వాక్యం చేర్పించారు. పేరు ఎంఓయూ అయినంత మాత్రాన కట్టుబడక్కర్లేదని కాదట, కోర్టు పేరు కాదు, లోపలి మాటలు చూస్తుందట. అందుకని గోప్యత, తప్పుకునే షరతులు రెండూ చట్టపరంగా కట్టుబడేవి, మిగతావి సదుద్దేశంతో రాసుకున్నవి అని తేల్చి రాశాం.

ఒకటిన్నర పేజీ కాస్తా నాలుగు పేజీలైంది. సంతకాలయ్యాక తప్పుకునే షరతు ఫొటో తీసి అక్కకి పంపా. చాలాసేపటికి జవాబొచ్చింది: “వైవా దాకా అన్న ముక్క రెండుసార్లు చదివానే.”

హామీపత్రాల్లో మొదటి సంతకం నాదే. పెట్టేముందు నేనూ రెండుసార్లు చదివా.