నోటీసు రాని తాకట్టు

మా ఇంట్లో తాకట్టంటే అమ్మ గాజులే. నా ఫస్టియర్ ఫీజు కోసం బ్యాంకులో పెట్టారు. గడువు దాటితే బ్యాంకు నోటీసు పంపింది, నాన్న వెళ్లి మాట్లాడి టైమ్ తెచ్చుకున్నారు.

నేను తాకట్టు పెట్టింది ఇంటర్న్‌షిప్ డబ్బుతో కొన్న 0.1 ఈథర్. అప్పటి విలువ 200 డాలర్లు. ఆ లెండింగ్ ప్రోటోకాల్ అందులో 75 శాతం, అంటే 150 డాలర్ల దాకా స్టేబుల్‌కాయిన్ అప్పిస్తుంది. నేను 140 తీసుకున్నా. లిమిట్ దాటలేదు కదా అని ధీమా.

నేను చూడని గీత ఇంకోటుంది. అప్పు తాకట్టు విలువలో 80 శాతం దాటితే లిక్విడేషన్. 140ని 0.8తో భాగిస్తే 175. అంటే ఈథర్ ధర 2,000 నుంచి 1,750కి దిగితే చాలు. స్క్రీన్ మీద Health Factor 1.14 అని కనిపిస్తూనే ఉంది. అది 1 కిందికి వస్తే అంతే.

ఓ రాత్రి ధర 1,740కి పడింది. ఎవరిదో బాట్ నా అప్పులో సగం, 70 డాలర్లు, తనే కట్టేసి 73.5 డాలర్ల ఈథర్ పట్టుకుపోయింది. ఆ 5 శాతం దాని కూలి. ఆ కూలి కోసమే బాట్లు రాత్రీ పగలూ కాచుకుని ఉంటాయి, అప్పిచ్చినవాళ్ల డబ్బుకి కాపలా అదే.

పొద్దున్నకి ధర 1,900. పోయిన ఈథర్ మాత్రం రాలేదు. ముందే 20 డాలర్లు కట్టేసి ఉంటే గీత 1,500కి దిగేది.

నాన్నకి చెప్తే, "ఒక్క ఫోనైనా చెయ్యలేదేంట్రా?" అన్నారు.

చెయ్యడానికి అక్కడ మనిషి లేడు నాన్నా.