విమానం ఎక్కితే అల్లిక తొందరపడదు

నర్సాపురంలో లేసు ఎగుమతి చేసే మా ఖాలా కొడుక్కి దుబాయ్ దుకాణందారు నుంచి మెసేజ్ వచ్చింది. ఓడలో రావాల్సిన పన్నెండు పెట్టెల టేబుల్ కవర్లు జల్దీ కావాలట, విమానంలో పంపితే ఖర్చెంతో చెప్పాలట. ఈద్‌కి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. "భాయిజాన్, కలం నీది, హిసాబ్ నాది. జవాబు రాయి" అన్నాడు.

మొదట ఖర్చు కాదు, మాల్ ఎంత తయారుందో రాయమన్నాడు. ఎనిమిది పెట్టెలు సిద్ధం. నాలుగు పెట్టెల మాల్ ఇంకా పల్లెల్లో ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది. అల్లి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయడానికి పన్నెండు రోజులు. తడి పూర్తిగా ఆరకుండా పెట్టెలో కట్టేస్తే మరకలు పడి మొత్తం మాలే తిరిగొస్తుంది. మనవాళ్ళ మెహనత్‌కి మజూరీ పోతుంది. విమాన ప్రయాణం నాలుగు గంటలే. అయితే హైదరాబాద్‌కి లారీ, కస్టమ్స్, తనిఖీ, అక్కడ మాల్ విడిపించడం కలిపి ఆరు రోజులు.

తర్వాత బరువు. లేసు తేలిక, కానీ చోటు ఎక్కువ తింటుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చే కిలోలు, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. 60, 40, 40 పెట్టె పన్నెండు కిలోలే తూగినా పదహారుకి కట్టాలి. మావాడు మడతలు సర్ది ఎత్తు 30కి తగ్గించాడు. లెక్క పన్నెండుకి దిగింది. ఎనిమిది పెట్టెలూ 96 కిలోలు. ఏజెంటు ఆ రోజు చెప్పిన రేటు వందలోపు కిలోకి 260 రూపాయలు, వంద నుంచి 220. అంటే 96కి 24,960. అదే వంద కిలోలని రాయిస్తే 22,000 చాలు. ఏజెంట్లు ఇలా రాయడానికి ఒప్పుకుంటారు.

జవాబులో మూడు దారులు రాశాను. ఒకటి, ఎనిమిది పెట్టెలు ఇప్పుడే విమానంలో, 22,000కి, ఈద్‌కి పద్దెనిమిది రోజుల ముందు చేరతాయి. మిగతా నాలుగూ ఓడలో, పండగ దాటాక. రెండు, ఆ నాలుగూ కూడా తర్వాత విమానంలోనే. 48 కిలోలకి మరో 12,480, కానీ చేరేది ఈద్‌కి ఆరు రోజుల ముందు. మూడు, అన్నీ ఒకేసారి. 144 కిలోలకి 31,680. రెండో దారికన్నా చవక, కానీ మాలంతా ఆ ఆరు రోజుల ముందే చేరుతుంది, అమ్ముకునే వక్త్ దాదాపు అయిపోతుంది.

కింద రెండు షరతులు. ఒప్పుకున్న ధరలో ఓడ కిరాయే ఉంది గనక విమానంతో వచ్చే తేడా మీదే, అది ముందే పంపాలి. పండగ ముందు విమానంలో చోటు దొరకదు, రేటూ మారుతుంది, కాబట్టి రెండు రోజుల్లో జవాబివ్వాలి. "ఇన్షాల్లా అన్నీ టైముకి వస్తాయి" అని మాత్రం రాయనివ్వలేదు మావాడు. దువా వేరు, వాదా వేరు అన్నాడు.

ఆయన మర్నాడే మొదటి దారి ఎంచుకున్నాడు.