బేరింగుల మీద వేసిన నింద

రెగ్యులేటర్ ఆఖరి నంబరులో ఉన్నా మా ముందుగదిలో ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. పైగా గుయ్‌మని మోత. పాతది కదా, బేరింగులు అరిగాయని తేల్చేసి, దింపించి కొత్తవి వేయించాను. వేగం పెరగలేదు, మోతా తగ్గలేదు.

దింపేముందే ఒక పని చేసి ఉండాల్సింది. కరెంటు ఆపి రెక్కను చేత్తో తిప్పి చూడటం. గరగరమన్నా, పట్టేసినట్టు ఠక్కున ఆగినా బేరింగుల్ని అనుమానించాలి. మాది మెత్తగా తిరుగుతూనే ఉండేది. మిగతా గదుల్లో ఫ్యాన్లు జోరుగానే తిరుగుతున్నాయి కాబట్టి లో ఓల్టేజీ కూడా కాదు. ఇక మిగిలింది గొట్టం పైనున్న గిన్నెలో దాక్కునే కండెన్సర్.

ఫ్యాన్ మోటారులో రెండు వైండింగులుంటాయి. ఇళ్ళకొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క వైండింగుకే అందితే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప, ఆగి ఉన్న ఫ్యాన్‌ను కదిలించలేదు. రెండో వైండింగుకు వెళ్ళే కరెంటును కండెన్సర్ కాస్త ముందుకు జరుపుతుంది. ఇద్దరు కూర్చుని తిరగలి తిప్పినట్టు, ఒకరి ఊపు తగ్గే చోట రెండోవారు అందుకుంటారన్నమాట. కండెన్సర్ నీరసిస్తే ఆ రెండో చెయ్యి బలం తగ్గుతుంది. పూర్తిగా పోతే ఫ్యాన్ కదలక గుయ్‌మంటూ ఉంటుంది; కర్రతో ఎటు తోస్తే అటే తిరుగుతుంది. ఆ గుర్తు కనబడితే ముందు కండెన్సర్‌నే అనుమానించాలి.

అయితే ఇది ఒక్కసారిగా పోవడం తక్కువ. లోపల ప్లాస్టిక్ పొర మీద సన్నని లోహపు పూత ఉంటుంది. ఓల్టేజీ పోటుకు పొరలో ఎక్కడైనా చిల్లి పడితే చుట్టూ ఉన్న పూత ఆవిరై, ఆ చోటు తనంతట తానే విడిపోతుంది. షార్టు కాదు గానీ పూత ఇంత తగ్గుతుంది. అందుకే ఫ్యాన్ నెలల తరబడి కొంచెం కొంచెంగా నెమ్మదిస్తుంది, మనం గమనించం.

మా కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్లని రాసుంది. మీటర్ పెడితే 1.6 చూపించింది. అయిదు శాతం అటూ ఇటూ మామూలే, ఇది మూడో వంతుకు పైగా తరుగు! విప్పేముందు మెయిన్ ఆపి, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో కండెన్సర్ రెండు కొనలూ కలిపి మిగిలిన చార్జి పోగొట్టాను.

ఇంకా జోరుగా తిరుగుతుందని 4 వేద్దామని నాకు ఆశ పుట్టింది. రివైండింగ్ షాపాయన ఆపాడు: "వద్దు సార్, స్టార్టింగ్ వైండింగులో కరెంటు ఎక్కువై మోటారు కాలుద్ది. రాసిందే వెయ్యండి." 2.5 వేశాక ఫ్యాన్ దాని వేగం అందుకుంది. సరైన కండెన్సర్ వేసినా నెమ్మదిగానే తిరుగుతూ మోటారు బాగా వేడెక్కే ఫ్యాన్లూ ఉంటాయి. వాటిలో వైండింగే దెబ్బతిని ఉంటుంది, అప్పుడు దింపక తప్పదు.