కనుబొమ చివర చూడండి

పెళ్లి ఆల్బమ్‌కి ఫోటోలు ఏరుతున్న అక్కాతమ్ముళ్లు ఒకచోట ఆగిపోయారు. రెండు ఫోటోల్లోనూ పెళ్లికూతురు పళ్లు కనిపించేలా నవ్వుతోంది. రెండింట్లోనూ బుగ్గలు లేచాయి, కళ్ల పక్కన ముడతలూ పడ్డాయి.

మరి ఏది మనసారా నవ్విన నవ్వు?

ముడతలుంటే నిజం నవ్వే అని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు మూలం ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్. ముఖ కండరాలను కరెంటుతో కదిలించి తీసిన ఫోటోలతో 1862లో పుస్తకం వేశాడు. పెదవి మూలల్ని లాగే కండరం మన మాట వింటుందనీ, కంటి చుట్టూ ఉండేది నిజమైన సంతోషానికే కదులుతుందనీ ఆయన అన్నాడు.

చిక్కంతా పెద్ద నవ్వుతోనే. నోరు బాగా సాగదీస్తే చాలు, బుగ్గలు వాటంతటవే పైకి జరిగి కంటి పక్కన ముడతలు తెచ్చేస్తాయి. అందుకే అలాంటి ఫోటోలో కంటి పైభాగం చూడాలి. కనుబొమకీ రెప్పకీ మధ్య చర్మం, కనుబొమ చివర రవ్వంత కిందికి దిగాలి. బుగ్గ తోపు అక్కడిదాకా అందదు.

అక్క రెండు ఫోటోలూ జూమ్ చేసింది. స్టేజీ మీద ఫోటోగ్రాఫర్ కోసం నవ్విన దాంట్లో కనుబొమలు ఉన్నచోటే ఉన్నాయి. స్నేహితురాళ్లు ఆటపట్టిస్తున్న దాంట్లో చివర్లు దిగాయి.

దీన్నీ కావాలని చేయగలిగేవాళ్లు ఉన్నారు, కాబట్టి ఇది ఆనవాలే, రుజువు కాదు.

మీ ఆల్బమ్‌లో ఏం కనిపించిందో కామెంట్లలో చెప్పండి.