గడ్డిఅన్నారం అని రాసి, గడ్డన్నారం అని చదివించడం

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోవడం గురించి ఆమధ్య ఒక వ్యాసం రాశాను. చదివినవాళ్లు చదివారు. చదవాలని నేను ముఖ్యంగా అనుకున్న మనిషికి మాత్రం చూపు లేదు. మా మేనమామ ఆ మార్కెట్లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తాగా చేశాడు. గ్లకోమాతో రెండు కళ్లూ పోయాక ఆయన లోకమంతా ఫోన్లో వినిపించేదే. వ్యాసాన్ని నేనే చదివి పంపొచ్చు కానీ, నా గొంతులో పావుగంట వినాలంటే ఎవరికైనా ఓపిక కావాలి. పైగా రాసిన ప్రతిదాన్నీ కూర్చుని చదవలేను కదా. అందుకని తెలుగులో చదివే కంప్యూటర్ గొంతుకి ఇచ్చాను.

ఇప్పుడు దొరుకుతున్న గొంతులు బాగానే ఉన్నాయి. వాక్యం చివర స్వరం దిగుతుంది, ప్రశ్న దగ్గర పైకి లేస్తుంది. మామూలు తెలుగు వాక్యానికి పెద్దగా వంక పెట్టలేం, ఎందుకంటే మన లిపిలో రాసినదే దాదాపు పలికేది. తంటా అంతా అక్షరాలా రాయని వాటితోనే: అంకెలు, పొట్టిపేర్లు, చుక్కలు, పలుకుబడిలో కరిగిపోయిన ఊరి పేర్లు. కంటితో చదివేటప్పుడు ఇవన్నీ మనం తెలియకుండానే విప్పుకుంటాం. యంత్రం కూడా విప్పుతుంది, కానీ దానికి తోచినట్టు.

నా వ్యాసంలో మొదటి వాక్యమే తీసుకుంటాను: "1986లో గడ్డిఅన్నారంలో 22 ఎకరాల్లో మొదలైన మార్కెట్ 2022 నాటికి ఎన్.హెచ్.65 మీదున్న బాటసింగారానికి చేరింది." చూడటానికి ఇందులో ఏ ఇబ్బందీ లేదు. గొంతు మాత్రం "వెయ్యి తొమ్మిది వందల ఎనభై ఆరు... లో" అని మొదలుపెట్టింది. "గడ్డి" అని ఆగి, ఊపిరి తీసుకున్నట్టుగా "అన్నారంలో" అంది. ఎన్ తర్వాత ఒకసారి, హెచ్ తర్వాత ఒకసారి వాక్యం అయిపోయినట్టు ఆగింది. మామ ఇంతవరకే విని ఫోను పక్కన పెట్టాడు.

"గడ్డీ అన్నారం ఏంది అల్లుడా? గడ్డన్నారం అంటరు గాని. ఇది రాసినోడు ఎన్నడన్న మార్కెట్‌కు వచ్చిండా?"

రాసినవాణ్ణి నేనే. ఆయన సందేహం యంత్రం మీద కాదు, వ్యాసం మీద. ఊరి పేరే తెలియనివాడు చెప్పే ఎకరాల లెక్క ఎవరు నమ్ముతారు? అక్కడ పోయిన 22 ఎకరాలు, ఆ స్థలంలో ఆసుపత్రి, కోహెడలో శాశ్వత మార్కెట్ కోసం చూపించిన 178 ఎకరాలు, అప్పటిదాకా బాటసింగారం లాజిస్టిక్ పార్కులో సర్దుకోవడం, ఇదంతా ఆయనకి వినపడాలంటే ముందు పేర్లు సరిగ్గా పలకాలి.

ఇందుకు ఒక పద్ధతి ఉంది. ఎస్ఎస్ఎంఎల్ అనే గుర్తుల భాషని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2004లోనే ప్రమాణంగా ప్రకటించింది. రాసింది ఒకటి, పలకాల్సింది ఒకటి అయినప్పుడు దాంట్లో ఇలా చెప్పొచ్చు:

```xml
<sub alias="గడ్డన్నారంలో">గడ్డిఅన్నారంలో</sub>
```

లోపలిది రాసిన మాట, పైన alias దగ్గర ఉన్నది వినిపించాల్సిన మాట. ఒక్క చోటైతే ఇది చాలు. కానీ నా వ్యాసంలో ఆ పేరు పదిహేను చోట్లయినా ఉంది, అదీ ఒకేలా లేదు. ఒకచోట గడ్డిఅన్నారంలో, ఒకచోట గడ్డిఅన్నారానికి, ఇంకోచోట గడ్డిఅన్నారాన్ని. పేర్ల పట్టీ ఒకటి తయారుచేసి అప్పగించే సౌకర్యం కూడా ఉంది గానీ, అలాంటి పట్టీలు మామూలుగా పూర్తి మాటనే పోల్చి చూస్తాయి. ఇంగ్లీషులో ఊరి పేరు కదలదు, "టు" వేరుగా నిలబడుతుంది. మనకి విభక్తి వచ్చి పేరు చివరని కరిగించేస్తుంది. అందుకని పేరు మొత్తాన్ని కాకుండా, ఏ విభక్తి వచ్చినా మారని ముక్కని పట్టుకోవాలి. "గడ్డిఅన్నార" వరకు అన్నిట్లోనూ ఒకటే. దాన్ని మారిస్తే వెనకున్న సున్నా, దీర్ఘం, ప్రత్యయం వాటంతటవే అతుక్కుంటాయి.

ఈ సూత్రం హయత్‌నగర్ దగ్గర పనిచేయలేదు. నగర్‌ని సాగదీస్తోందని ఆ పేరు కూడా పట్టీలో పెట్టాను. నాలుగు చోట్ల మారింది, రెండు చోట్ల మారలేదు. తెరమీద ఆరూ అచ్చు ఒకేలా కనబడుతున్నాయి. వెతికితే మాత్రం నాలుగే దొరుకుతున్నాయి. సంగతేమిటంటే త కింద న వత్తు రాకుండా "త్" ని విడిగా నిలబెట్టడానికి మనం ఒక కనబడని అక్షరం వాడతాం. దాని సంఖ్య U+200C. కొన్ని కీబోర్డులు దాన్ని ఒకటి పెడతాయి, కొన్నిసార్లు రెండు పడతాయి. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కి అవి వేరు వేరు మాటలు. దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే అలాంటివి మూడు. వినే ప్రతిలో ఈ అక్షరానికి పనేమీ లేదు కాబట్టి ముందు దాన్ని పూర్తిగా తీసేసి, ఆ తర్వాతే పేర్లు మార్చాలి. మార్చే పట్టీలోని పేర్లలోనూ అది ఉండకూడదు.

```python
text = text.replace("\u200c", "")
text = text.replace("గడ్డిఅన్నార", "గడ్డన్నార")
```

ఇది చూసేందుకు కాదు, వినేందుకే. దీనివల్ల త కింద న వత్తు వచ్చి హయత్నగర్ వికారంగా కనబడుతుంది. కనబడనీ, చూసేదెవరు? అసలు వ్యాసాన్ని ముట్టుకోకుండా, దీన్ని వేరే ఫైలుగా ఉంచుకుంటే సరి.

పొట్టిపేర్ల సంగతి తేలికే. ఎల్.బి.నగర్‌లో చుక్కలు తీసేసి ఎల్బీనగర్ అని ఒకే మాటగా రాస్తే చాలు. ఎవరి ఇంటిపేరు ముందున్న అక్షరాలకైనా ఇదే మందు. రూపాయల దగ్గర మాత్రం ఆగి చూసుకోవాలి. "రూ." కనబడ్డ ప్రతిచోటా "రూపాయలు" అని మార్చమంటే, "అప్పటికి అక్కడ ఎవరూ." అని ముగిసే వాక్యం కాస్తా "ఎవరూపాయలు" అవుతుంది. పోనీ తర్వాత అంకె ఉంటేనే మార్చమందామా అంటే, "రూ. 40కి" అన్నది "40 రూపాయలుకి" అవుతుంది. మనకి కావాల్సింది "నలభై రూపాయలకి". మళ్లీ విభక్తే. అందుకని డబ్బు లెక్కలన్నీ చేత్తోనే విప్పి రాశాను. వ్యాసానికి పది పన్నెండు కంటే ఎక్కువ ఉండవు, దానికోసం తెలివితేటలు ఖర్చుపెట్టడం దండగ.

అంకెల్లో అసలు రుచి ఇక్కడుంది. మార్కెట్లో ఎవరూ "ఒకటి పాయింట్ ఐదు టన్నులు" అనరు. టన్నున్నర అంటారు. 1,50,000 అంటే లక్షన్నర. "2 హమాలీలు" అని తొందరలో రాసేస్తాం గానీ, నోటితో ఇద్దరు హమాలీలే. వస్తువులకి రెండు, మనుషులకి ఇద్దరు అనే తేడా అంకెలో దాగి ఉంటుంది. గొంతుకి ముందున్నది అంకె మాత్రమే, వెనకున్నది మనిషో డబ్బానో దానికి పట్టదు. ఇవన్నీ అక్షరాల్లో రాసిస్తే గొంతు చక్కగా చదువుతుంది.

కొన్నిచోట్ల మాత్రం రాసిన నేను చెప్తే తప్ప ఎవరూ విప్పలేరు. వ్యాసంలో రెండు వాక్యాలున్నాయి. "లారీ దిగడానికి 4-5 గంటలు పడుతుంది." "తెల్లవారుజామున 4-5 గంటల మధ్య వేలం మొదలయ్యేది." మొదటిది నాలుగైదు గంటలు. రెండోదాన్ని కూడా "నాలుగైదు గంటల మధ్య" అని చదివితే అర్థం చెడుతుంది, అక్కడ నాలుగుకీ ఐదుకీ మధ్య అనే చెప్పాలి. రాతలో రెండూ ఒకటే గీత. అలాగే "4.30కి" అన్నదాన్ని గొంతు "నాలుగు పాయింట్ మూడు సున్నాకి" అని చదివింది. మనం గడియారానికీ దశాంశానికీ ఒకే చుక్క పెడతాం, అది దేన్నని పోల్చుకుంటుంది? నాలుగున్నరకి అని రాశాను.

ఇంకొకటి, ఏ అంకె ఏ భాషలో పలకాలన్నది. బాటసింగారం వైపు పోయే రోడ్డు విజయవాడ హైవే. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. దాన్ని "అరవై ఐదు" అని ఎవరూ అనగా వినలేదు, సిక్స్టీ ఫైవే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా దుకాణాల చిరునామాలు మెట్రో పిల్లర్ నంబర్లతో చెప్తారు, అవీ ఇంగ్లీషులోనే. ఫోన్ నంబరు ఒక్కో అంకెగా ఇంగ్లీషులో. అదే నోటితో కాయల ధర, బరువు, ఎకరాలు తెలుగులో. సంవత్సరం దగ్గర ఊగిసలాట ఉంది. నేను "పంతొమ్మిది వందల ఎనభై ఆరులో" అని ఉంచాను. మొత్తానికి ఆ మొదటి వాక్యం వినే ప్రతిలో ఇలా తేలింది: "పంతొమ్మిది వందల ఎనభై ఆరులో గడ్డన్నారంలో ఇరవై రెండు ఎకరాల్లో మొదలైన మార్కెట్, రెండు వేల ఇరవై రెండు నాటికి ఎన్ హెచ్ సిక్స్టీ ఫైవ్ మీదున్న బాటసింగారానికి చేరింది." మధ్యలో ఒక కామా కూడా చేర్చాను. అసలు వాక్యంలో అది అక్కర్లేదు, ఊపిరికి కావాలి.

చివరికి లొంగనిది చ, జ. చోటు, చవక, రోజు లాంటి మాటల్లో మనం పలికేది పళ్ల దగ్గరి చ, జ. చంద్రుడిలోని చ కాదు, జనంలోని జ కాదు. వీటికి ౘ, ౙ అని విడి అక్షరాలున్నాయి, యూనికోడ్‌లోనూ ఉన్నాయి. కానీ నేను వాడిన గొంతు ఆ అక్షరం రాగానే దాన్ని మింగేసి "ఓటు" అంది. మార్కెట్‌కి ఓటు దొరకలేదని వినిపిస్తే కథ మారిపోతుంది! మామూలు చ రాస్తే కాస్త మెత్తగా, పట్నంలో చదువుకున్న పిల్లల్లాగా పలుకుతోంది. అర్థానికి అడ్డం రావట్లేదు కాబట్టి వదిలేశాను.

సరిచూసుకునేటప్పుడు వ్యాసం ఎదురుగా పెట్టుకోకూడదు. చూస్తూ వింటే కన్ను చదివేసి, చెవి విన్నాననుకుంటుంది. కాగితం, పెన్ను పట్టుకుని వినబడ్డ అంకెలూ పేర్లూ మాత్రమే రాసుకుంటూ పోవాలి, తర్వాత అసలుతో పోల్చాలి. అలా చేసినప్పుడే 178 దగ్గర "నూట" తేలిపోయి "డెబ్భై ఎనిమిది" ఒక్కటే చెవిన పడుతోందని తెలిసింది. పలకడం తప్పు కాదు, అంతకు ముందు మాటతో కలిసిపోతోంది. "కోహెడలో" తర్వాత చిన్న విరామం పెట్టాను:

```xml
కోహెడలో <break time="300ms"/> నూట డెబ్భై ఎనిమిది ఎకరాలు
```

ఈసారి మామ మొత్తం విన్నాడు. గడ్డన్నారం గురించి ఏమీ అనలేదు. 178 దగ్గర ఆపించి, "నూట డెబ్బయ్యెనిమిదా? గంత జాగ ఉంటే మరి కోల్డ్ స్టోరేజీ ఏడ కడ్తరంట?" అని అడిగాడు. దానికి జవాబు నా వ్యాసంలో లేదు.